నెత్తళ్లు ఎండితే ప్రోటీన్ పెరిగిందా? కిస్మిస్‌లో అంత చక్కెర ఎక్కడిది?

మా పిన్ని శ్రీకాకుళంలో ఉంటుంది. షుగర్ వచ్చి పదేళ్లు దాటింది. మొన్న వెళ్లినప్పుడు ఫోన్ నా చేతిలో పెట్టి, ఒకే రోజు వచ్చిన రెండు వాట్సాప్ మెసేజ్‌లు చూపించింది. మొదటిదాంట్లో ఎండు నెత్తళ్ల బొమ్మ వేసి, పచ్చి చేప కంటే వీటిలో ప్రోటీన్ మూడు రెట్లు ఎక్కువని, పిల్లలకి రోజూ పెట్టమని ఉంది. రెండోదాంట్లో కిస్మిస్ బొమ్మ. ద్రాక్ష కంటే నాలుగు రెట్లు చక్కెర ఉంటుందని, షుగర్ ఉన్నవాళ్లు ముట్టుకుంటే విషమని రాశారు.

"ఏట్రా ఇది? చేప ఎండితే మంచిదయిపోద్ది, ద్రాక్ష ఎండితే చెడ్డదయిపోద్దా? రెండిటికీ తగిలింది ఒకటే ఎండ కదా!" అంది.

ఆ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. రెండు మెసేజ్‌ల్లోనూ అంకెలు దాదాపు సరైనవే. చేపలోనూ ద్రాక్షలోనూ జరిగింది ఒకటే, నీరు పోయింది. దాన్ని ఒకచోట గొప్పగా, ఇంకోచోట ప్రమాదంగా చెప్పారు. ఆ అంకెలు ఎలా పుడతాయో, ఎక్కడిదాకా నమ్మొచ్చో ఒక కిలో నెత్తళ్లతో మొదలుపెట్టి చూద్దాం.

## "వంద గ్రాములకు" అంటే దేనిలో వంద?

ప్యాకెట్ వెనకాల ఉండే పట్టికైనా, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించే పట్టికలైనా పోషకాలను వంద గ్రాముల తినే భాగానికి లెక్కగడతాయి. పప్పు, పాలు, చేప, పండు అన్నిటినీ ఒకే కొలతలో పక్కపక్కన పెట్టడానికి అది మంచి పద్ధతే. చిక్కల్లా ఆ వంద గ్రాముల్లో నీరు కూడా ఉండటంతోనే వస్తుంది. తాజా చేపలో ముప్పావు వంతు నీరే, ద్రాక్షలో ఐదింట నాలుగు వంతులు నీరే. వంద గ్రాముల ద్రాక్ష కొన్నామంటే ఎనభై గ్రాముల నీరు, ఇరవై గ్రాముల సరుకు కొన్నట్టు.

నీరు తీసేశాక మిగిలే దాన్ని పొడి పదార్థం అంటారు. ప్రోటీన్, కొవ్వు, చక్కెర, పీచు, ఖనిజాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఎండ నీటిని లాగుతుందే తప్ప ప్రోటీన్‌ను పుట్టించదు, చక్కెరను తయారు చేయదు. అయితే నీరు పోయినకొద్దీ వస్తువు తేలికవుతుంది. అప్పుడు మళ్లీ వంద గ్రాములు తూచాలంటే తక్కెడలో ఇంకొన్ని చేపలు వేయాలి. పట్టికలో పెరిగిన అంకె ఆ అదనంగా వేసిన చేపలదే.

## ఒక కిలో నెత్తళ్లు ఇసుక మీద పడ్డాక

భావనపాడులోనో కళింగపట్నంలోనో ఒడ్డుకి వచ్చిన తాజా నెత్తళ్లు ఒక కిలో తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండేందుకు గుండ్రటి అంకెలే వేస్తాను, ఇవి అసలుకి దగ్గరగానే ఉంటాయి. నీరు 750 గ్రాములు, ప్రోటీన్ 200 గ్రాములు, కొవ్వు, ఖనిజాలు కలిపి 50 గ్రాములు. అంటే పొడి పదార్థం 250 గ్రాములు, ప్రోటీన్ నూటికి 20.

వీటిని ఉప్పు వేయకుండా, తేమ 15 శాతానికి వచ్చేదాకా ఎండబెట్టారనుకుందాం. ఇప్పుడు బరువులో 15 శాతం నీరు, 85 శాతం పొడి పదార్థం. ఆ 85 శాతమే మన 250 గ్రాములు. కాబట్టి మొత్తం బరువు 250 ÷ 0.85, అంటే 294 గ్రాములు. ప్రోటీన్ మాత్రం అదే 200 గ్రాములు. 294లో 200 అంటే నూటికి 68.

ఇరవై ఉన్నది అరవై ఎనిమిదయింది. మూడు రెట్లు అన్న మెసేజ్ ఇక్కడినుంచి వచ్చిందే. కానీ కిలో చేపలో ఉన్న ప్రోటీన్ ఒక్క గ్రాము కూడా పెరగలేదు. వంద గ్రాముల ఎండు నెత్తళ్లంటే 340 గ్రాముల పచ్చి నెత్తళ్లన్నమాట. పోల్చింది వంద గ్రాముల చేపని మూడు వందల నలభై గ్రాముల చేపతో.

బజారు సరుకును ల్యాబ్‌లో పరీక్షిస్తే ఈ 68 కంటే సాధారణంగా తక్కువే వస్తుంది. తేమ ఇంకాస్త మిగిలి ఉంటుంది, కొంచెం ఉప్పు ఉంటుంది, ఇసుక మీద ఆరబెట్టిన వాటికి ఇసుక కూడా అంటుకుని ఉంటుంది. ఇసుక కూడా ఆ వంద గ్రాముల్లో భాగమే కదా. వల మీద, సిమెంటు గచ్చు మీద, కర్రల పందిళ్ల మీద ఎండబెట్టిన చేపకి నాణ్యత ఎక్కువని చెప్పడంలో ఇదొక కారణం.

ఈ లెక్కకి పైన ఒక హద్దు కూడా ఉంది. చుక్క నీరు లేకుండా ఎండబెట్టినా ఈ నెత్తళ్లలో ప్రోటీన్ 250కి 200, అంటే 80 శాతం దాటదు. తాజాగా ఉన్నప్పుడూ పొడి పదార్థంలో ప్రోటీన్ వాటా ఆ 80 శాతమే. అందుకే ఆహార పరీక్షలు చేసేవాళ్లు రెండు వస్తువులను నిజాయితీగా పోల్చాలంటే నీటిని పక్కన పెట్టి "పొడి లెక్కన" పోలుస్తారు. ఆ లెక్కన పచ్చి నెత్తళ్లు, ఎండు నెత్తళ్లు ఒకటే. చేపను బట్టి ఈ హద్దు మారుతుంది. కొవ్వు పట్టిన కాలంలో దొరికే కవళ్లలో నీరు 70, ప్రోటీన్ 18 ఉన్నాయనుకుంటే పొడి లెక్కన ప్రోటీన్ 60 శాతమే. అదే 15 శాతం తేమకి ఎండబెట్టినా వాటి ప్రోటీన్ 51 దగ్గరే ఆగిపోతుంది. మిగతా చోటు కొవ్వు తీసుకుంది.

## తేమ శాతం చేసే తికమక

లెక్కలంటే భయం లేనివాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. చేపలో తేమ 75 శాతం నుంచి 50 శాతానికి తగ్గిందంటే ఎంత నీరు పోయినట్టు? చాలామంది మూడో వంతు అంటారు. కిలోలో 250 గ్రాములు పోయిందనేవాళ్లూ ఉన్నారు.

నిజానికి సగం బరువు పోయింది. పొడి పదార్థం 250 గ్రాములు కదలదు. అది సగం అవ్వాలంటే మొత్తం 500 గ్రాములే ఉండాలి. కాబట్టి అర కిలో నీరు ఎగిరిపోయింది. అక్కడినుంచి 15 శాతానికి రావడానికి పోవాల్సింది ఇంకో 206 గ్రాములే.

మొదటి రోజు ఎండకి చేప సగానికి సగం తేలికైపోయి కూడా ఇంకా మెత్తగా, వంగేలా ఉండటానికి కారణం ఇదే. ఎండబెట్టేవాళ్లకి ఈ చివరి భాగమే కష్టం. పైపొర గట్టిపడిపోయి, లోపలి తేమ బయటికి రావడం నెమ్మదిస్తుంది. ఆ దశలో మబ్బు పట్టిందంటే చేప అక్కడే ఆగిపోతుంది, ఈగలు వాలతాయి, లోపల పాడవడం మొదలవుతుంది.

పట్టిక అంకె కూడా ఈ చివరి భాగంలోనే ఊగుతుంది. పై నెత్తళ్లనే 25 శాతం తేమ దగ్గర ఆపితే బరువు 333 గ్రాములు, ప్రోటీన్ నూటికి 60. పదిహేను దగ్గర 68. పది దగ్గర 72. మూడూ ఒకే వలలో పడ్డ చేపలు. కాబట్టి ఎవరైనా "ఎండు నెత్తళ్లలో ప్రోటీన్ ఇంత" అని ఒకే అంకె చెబితే, తేమ ఎంత ఉండగా అని అడగాల్సిందే. అది చెప్పకపోతే ఆ అంకెతో పెద్ద ఉపయోగం లేదు.

## ఉప్పు చేప దగ్గర లెక్క తిరగబడుతుంది

ఇప్పటిదాకా నీరు పోవడమే చూశాం. ఉప్పు చేపలో నీరు పోతుంది, దాంతోపాటు కొత్తగా ఒకటి లోపలికి వస్తుంది.

పెద్ద చేపల్ని చీల్చి ఉప్పు దట్టించి తొట్టెలో పెడతారు. ఉప్పు చేపలోని నీటిని బయటికి లాగుతుంది, కొంత ఉప్పు కండలోకి దిగుతుంది. తర్వాత ఎండలో వేస్తారు. ఉప్పు పట్టిన చేప 35, 40 శాతం తేమతో కూడా కొంతకాలం నిలుస్తుంది, ఎందుకంటే మిగిలిన నీటిని ఉప్పు కట్టేసి ఉంచుతుంది, సూక్ష్మజీవులకి అది అందదు. అందుకే దాన్ని చిటుక్కున విరిగేదాకా ఎండబెట్టరు.

మన కిలో లెక్కే వేద్దాం. తేడా ఉప్పు వల్లా, దాంతోపాటు మిగిలే నీటి వల్లా మాత్రమే రావాలి కాబట్టి చేప అదే 250 గ్రాముల పొడి పదార్థం ఉన్నదనుకుందాం. లోపలికి 60 గ్రాముల ఉప్పు దిగింది. నీరు కానిదంతా కలిపితే 310 గ్రాములు. తేమ 40 శాతం దగ్గర ఆపారు. మొత్తం బరువు 310 ÷ 0.6, అంటే 517 గ్రాములు. ప్రోటీన్ అదే 200. నూటికి 39.

ఉప్పు లేని ఎండు చేప 68 చూపితే, ఉప్పు చేప 39 చూపింది. ఎండు చేపలన్నిటికీ ఒకే అంకె వాడే మెసేజ్‌లు ఇక్కడే తప్పుతాయి. నూటికి ఉప్పు ఎంతో కూడా చూడండి: 517లో 60, అంటే 11.6 గ్రాములు. యాభై గ్రాముల ముక్క తింటే ప్రోటీన్ 19 గ్రాములు, దాంతోపాటు ఉప్పు 5.8 గ్రాములు. పెద్దవాళ్లకి రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వండే ముందు నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే ఉప్పు చాలావరకు దిగిపోతుంది, నిజమే. నీళ్లలో కరిగే ప్రోటీన్ కూడా కొంచెం దాంతో పోతుంది. పట్టికలో రాసింది మాత్రం నానబెట్టక ముందు చేప గురించి.

ఉప్పు వల్ల మన తీరంలో ఇంకో సంగతి జరుగుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దాన్ని పీల్చుకుని చెమర్చడం మొదలెడుతుంది. వర్షాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. సముద్రం పక్క ఊళ్లలో గాలి ఆ హద్దు దాటే రోజులు చాలా ఉంటాయి. అప్పుడు గోనెలో ఉన్న ఉప్పు చేప తనంతట తనే బరువెక్కుతుంది, పట్టుకుంటే జిగురుగా తగులుతుంది. ప్రోటీన్ ఎక్కడికీ పోలేదు, వంద గ్రాముల్లో దాని వాటా మాత్రం తగ్గింది. ఉప్పు లేని నెత్తళ్లు కూడా కొంత పీలుస్తాయి. పదిహేను శాతం తేమతో కట్టిన కిలో సరుకు ముసురులో 25 శాతానికి వచ్చిందంటే, అది ఇప్పుడు కిలో నూట ముప్పై గ్రాములు తూగుతుంది. ఆ నూట ముప్పై గ్రాములకి కొనేవాళ్లు ఇచ్చేది చేప ధర. విరిస్తే చిటుక్కుమనాల్సిన నెత్తళ్లు వంగుతున్నాయంటే జరిగింది ఇదే.

## సొర చేప దగ్గర ఇంకో మెలిక

ఇది కొంచెం పక్కదారే, కానీ మన వైపు బాలింతలకి సొర పెట్టే అలవాటు ఉంది కాబట్టి చెప్పాలి. ల్యాబ్‌లో ప్రోటీన్‌ను నేరుగా తూచరు. నమూనాలో ఉన్న నైట్రోజన్‌ను కొలిచి దాన్ని 6.25తో గుణిస్తారు. ప్రోటీన్‌లో సగటున 16 శాతం నైట్రోజన్ ఉంటుందన్న లెక్క మీద నడిచే పద్ధతి ఇది. చాలా చేపలకి ఇది బాగానే పనిచేస్తుంది.

సొరలు, టేకు చేపల కండలో మాత్రం యూరియా ఉంటుంది. సముద్రపు ఉప్పు నీటిలో ఒంట్లో నీరు పోకుండా కాపాడుకోవడానికి అవి దాన్ని దాచుకుంటాయి. యూరియాలో దాదాపు సగం నైట్రోజనే. వంద గ్రాముల కండలో 2 గ్రాముల యూరియా ఉందనుకుంటే, అందులోని 0.93 గ్రాముల నైట్రోజన్‌ను 6.25తో గుణిస్తే పట్టికలో 5.8 గ్రాముల ప్రోటీన్ ఎక్కువ పడుతుంది. అది తినేవాళ్ల ఒంట్లో ప్రోటీన్‌గా పనికిరాదు. కడగడం, నానబెట్టడంలో యూరియా కొంత పోతుంది. ఎండిన సొర దగ్గర వచ్చే ఆ ఘాటు అమ్మోనియా వాసన యూరియా విరిగిపోవడం వల్ల వచ్చేదే. దాన్ని మామూలు చేపల అంకెలతో పక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

## కిస్మిస్: ఒక గింజ, ఒక ద్రాక్ష

ఇక పిన్ని టెన్షన్ సంగతి. గింజలేని తాజా ద్రాక్షలో నూటికి సుమారు 80 గ్రాముల నీరు, 15, 16 గ్రాముల చక్కెర. కిస్మిస్‌లో నీరు 15 గ్రాములు, చక్కెర 60 నుంచి 65 గ్రాములు. నాలుగు రెట్లన్నది నిజమే. పొడి పదార్థం ద్రాక్షలో నూటికి 20 కన్నా కాస్త తక్కువ, కిస్మిస్‌లో 85. ఒకదాన్ని ఒకదానితో భాగిస్తే 4.3 వస్తుంది. వంద గ్రాముల కిస్మిస్ అంటే 430 గ్రాముల ద్రాక్ష.

ఈ 4.3 చాలా పనికొచ్చే అంకె. ఎండటం వల్ల నీరు తప్ప ఇంకేదీ పోకపోతే, ద్రాక్షలో ఉన్న ప్రతి పోషకమూ కిస్మిస్‌లో 4.3 రెట్లు కనిపించాలి. చూద్దాం. ద్రాక్షలో ప్రోటీన్ 0.7 గ్రాములు, 4.3తో గుణిస్తే 3. కిస్మిస్ పట్టికలో ఉన్నదీ 3 చిల్లరే. సరిపోయింది. చక్కెర గుణిస్తే 67 రావాలి, ఇంచుమించు అక్కడే ఉంది. ద్రాక్ష రకాన్ని బట్టి అంత తేడా ఉంటుంది. విటమిన్ సి మాత్రం ద్రాక్షలో 3 మిల్లీగ్రాములు. గుణిస్తే 13 రావాలి. కిస్మిస్‌లో ఉన్నది 2 చిల్లరే.

అంటే ఎండలో పోయింది నీరు, విటమిన్ సి. పట్టికను పైపైన చూసినవాళ్లకి విటమిన్ సి 3 నుంచి 2కి తగ్గింది, పెద్ద తేడా లేదనిపిస్తుంది. అసలు నష్టం ఆరింట ఐదు వంతులు. ఎండబెట్టడం గురించి పట్టికలో నిజంగా ఆసక్తికరమైన సమాచారం ఇదే, పెరిగిన అంకెల్లో కాదు, పెరగాల్సి ఉండి పెరగని అంకెల్లో దొరుకుతుంది. వేడికీ గాలికీ ఆగని విటమిన్లు అక్కడ బయటపడతాయి.

పిన్నికి ఈ లెక్కలన్నీ చెప్పలేదు. చిన్న గిన్నెలో ఇరవై కిస్మిస్ వేసి, ఇవి ఇరవై ద్రాక్ష పళ్లు అన్నాను. ఒక్కోటి అర గ్రాము ఉంటుంది, ఇరవై అంటే 10 గ్రాములు, చక్కెర ఆరు గ్రాముల పైన. ఇరవై ద్రాక్షల్లో ఉండేదీ అంతే. ఎండినందుకు ఒక్క పలుకు చక్కెర ఎక్కువ కాలేదు.

"మరయితే విషం అని ఎందుకు రాసేరు?" అంది.

దానికీ జవాబు ఉంది. ద్రాక్షలు అరవై తినాలంటే గుత్తి చేతిలో పట్టుకుని కూర్చోవాలి, మధ్యలో కడుపు నిండినట్టు ఉంటుంది. అరవై కిస్మిస్ మాత్రం పిడికిట్లో పడతాయి, టీవీ చూస్తూ రెండు నిమిషాల్లో అయిపోతాయి. అప్పుడు లోపలికి వెళ్లింది 19 గ్రాముల చక్కెర. చక్కెర స్వభావం మారకపోయినా, దాన్ని మింగడం సులువైపోయింది. షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్తపడాలనే డాక్టర్ల మాటకి ఆధారం ఇదే.

## తాండ్ర: పట్టిక దాచేసే చక్కెర

ఎస్.కోట వైపు వెళ్లే దారిలో భీమాళి తాండ్ర కొనని విజయనగరం వాళ్లు తక్కువ. రసం తీసి చాపల మీద పొరలు పొరలుగా పోసి, ఒక పొర ఆరాక ఇంకో పొర వేస్తూ ఎండబెడతారు. చాలావరకు బెల్లమో పంచదారో కలుపుతారు. కిస్మిస్‌కీ దీనికీ తేడా అక్కడే వస్తుంది.

కిలో మామిడి రసంలో 830 గ్రాములు నీరు, 170 గ్రాముల పొడి పదార్థం, అందులో 140 గ్రాముల చక్కెర ఉన్నాయనుకుందాం. ఏమీ కలపకుండా 15 శాతం తేమకి ఎండబెడితే 200 గ్రాముల తాండ్ర వస్తుంది. చక్కెర 140, అంటే నూటికి 70.

అదే రసంలో 200 గ్రాముల పంచదార కలిపి ఎండబెడితే పొడి పదార్థం 370 అవుతుంది, తాండ్ర 435 గ్రాములు వస్తుంది. చక్కెర 340, అంటే నూటికి 78.

పట్టికలో కనిపించే తేడా 70కీ 78కీ మధ్య ఎనిమిది. చూసినవాళ్లు కాస్త తియ్యగా ఉంటుందేమో అనుకుని వదిలేస్తారు. కానీ మొదటి రకం వంద గ్రాముల్లో అర కిలో మామిడి రసం ఉంది, రెండో రకంలో 230 గ్రాములే. రెండో రకంలోని చక్కెరలో సగానికి పైగా మామిడి చెట్టుది కాదు, పంచదార బస్తాది. ఎండు పండులో చక్కెర ఎలాగూ డెబ్బై దగ్గర ఉంటుంది కాబట్టి, కలిపిన చక్కెర ఆ అంకెలో సులువుగా కలిసిపోతుంది. ఇక్కడ వంద గ్రాముల అంకె మనకి ఏమీ చెప్పలేదు. ప్యాకెట్ మీద పదార్థాల వరుసలో పంచదారో బెల్లమో ఉందా, ఎన్నో స్థానంలో ఉందన్నదే చెబుతుంది. ఎక్కువ బరువున్న పదార్థాన్నే ముందు రాయాలన్నది నియమం.

ఉప్పు చేపలో కలిపిన ఉప్పు, దాంతోపాటు మిగిలిన నీరు ప్రోటీన్ అంకెను బాగా కిందికి లాగాయి, దాంతో అనుమానం వచ్చింది. తాండ్రలో కలిపిన పంచదార చక్కెర అంకెను కొంచెమే పైకి నెట్టింది, అందుకే అనుమానం రాదు.

## ఇదంతా అంకెల మాయేనా?

ఈ లెక్క విన్నాక కొందరు, అయితే ఎండు చేపల్లో ఏ గొప్పా లేదు, ఉన్నది నీటి మాయే అంటారు. పొడి లెక్కన పోలిస్తే వాళ్ల మాట సరైనదే. పళ్లెంలోకి వచ్చేసరికి ఇంకా సరైనది. వంకాయలో నెత్తళ్లు వేసి వండితే మనిషికి పడేది 25 గ్రాములు, ప్రోటీన్ 17 గ్రాముల లోపు. పచ్చి నెత్తళ్ల పులుసులో వంద గ్రాముల చేప తిన్నవాళ్లకి వచ్చేది 20. ఎండు చేప వంద గ్రాములు ఒక పూటకి ఎవరూ తినరు. కాబట్టి మూడు రెట్ల ప్రోటీన్ ఎవరి కడుపులోకీ వెళ్లడం లేదు.

ఎదుటివైపు మాటలోనూ బలం ఉంది. పోషకాలు దట్టంగా ఉండటం అంకెల్లో మాత్రమే కనిపించే సంగతి కాదు. చిన్న పిల్లల కడుపు చిన్నది, రెండు చెంచాల నెత్తళ్ల పొడి అన్నంలో కలిపితే వచ్చేంత ప్రోటీన్ ఇంకో రూపంలో పట్టించడం కష్టం. ముళ్లతో సహా తినే చేప కాబట్టి కాల్షియం కూడా వస్తుంది. సీతంపేట వైపు కొండ సంతల్లోకి పచ్చి సముద్రపు చేప ఐస్ లేకుండా చేరడం కష్టం, గోనెలో కట్టిన ఎండు చేపకి ఐస్ అక్కర్లేదు. అక్కడివాళ్లకి ఎండు చేపకీ పచ్చి చేపకీ మధ్య ఎంపిక అనేదే లేదు, ఉన్నది ఎండు చేప, లేదంటే ఏమీ లేదు. నా ఉద్దేశంలో ఈ రెండో వాదన గట్టిది, కానీ దానికి "మూడు రెట్లు" అన్న అంకె అవసరమే లేదు.

ఆ అంకె నిజంగా ఉపయోగపడేది బేరం దగ్గర. కిలో ఎండు నెత్తళ్లు 3.4 కిలోల పచ్చి నెత్తళ్లతో సమానం. పచ్చివి కిలో 150 రూపాయలుంటే, ఎండువి 510 దాకా పెట్టినా ప్రోటీన్ ధర ఒకటే. నాలుగు వందలకి దొరికితే లాభం, ఆరు వందలంటే రుచికీ నిల్వకీ అదనంగా ఇస్తున్నట్టు. ఈ లెక్క నడవాలంటే సరుకు బాగా ఎండి, ఉప్పూ ఇసుకా లేకుండా ఉండాలి.

బయల్దేరే ముందు పిన్నితో బజారుకి వెళ్లాను. ఎండు చేపలమ్మే ఆమె దగ్గర గోనె మీద నెత్తళ్లు పోసి ఉన్నాయి. ముందురోజంతా ముసురు. పిన్ని ఒకటి తీసి వేళ్ల మధ్య వంచింది. విరగలేదు.

"తడిసిపోనాయి కదమ్మా, దీనికి ఎండిన రేటెలాగిస్తాను?"

"గాలికి మెత్తబడ్డాయమ్మా, చేప మంచిదే," అందామె.

ఆమె చెప్పింది నిజం. పిన్ని అన్నదీ నిజమే. కిలోకి నలభై తగ్గించింది.